క్రియాటిన్‌కు చక్కెర తోడు అవసరమా?

క్రియాటిన్‌ను పిండిపదార్థాలతో లేదా ప్రొటీన్ షేక్‌తో తీసుకుంటే కండరాలకు ఎక్కువగా చేరుతుందన్న మాటలో నిజం ఉంది. అయితే అది భారీ మోతాదులకే వర్తిస్తుంది.

ఆహారం తిన్నాక పెరిగే ఇన్సులిన్, క్రియాటిన్ కండర కణాల్లోకి చేరడానికి తోడ్పడుతుంది. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు 1996లో దీనిని పరీక్షించారు. 5 గ్రాముల క్రియాటిన్‌ను రోజుకు నాలుగుసార్లు, ఐదు రోజులపాటు ఇచ్చారు. ప్రతిసారీ అరగంట తర్వాత 93 గ్రాముల చక్కెరలున్న పానీయం తాగినవారి కండరాల్లో క్రియాటిన్ పెరుగుదల, కేవలం క్రియాటిన్ తీసుకున్నవారి కంటే దాదాపు 60 శాతం అధికంగా నమోదైంది. సుమారు 50 గ్రాముల ప్రొటీన్‌ను అంతే పరిమాణంలో పిండిపదార్థాలతో కలిపి ఇచ్చినా శరీరంలో క్రియాటిన్ దాదాపు అంతే నిలిచినట్లు 2000లో వెలువడిన మరో అధ్యయనం తెలిపింది.

చిక్కు పరిమాణంలోనే ఉంది. నాలుగు పానీయాలకు రోజుకు 370 గ్రాములకు పైగా చక్కెర, అంటే దాదాపు 1,500 కిలోకేలరీలు అవసరం. ఒక చెంచా పొడితో కలిపే మామూలు షేక్‌లో ప్రొటీన్ సాధారణంగా 25 గ్రాములే ఉంటుంది.

పైగా కండరాల నిల్వకు ఒక హద్దుంది. రోజుకు 3 గ్రాముల చొప్పున, ఏ చక్కెర పానీయమూ లేకుండా 28 రోజులు తీసుకున్నా కండరాల్లో నిల్వ భారీ మోతాదుతో సాధించిన స్థాయికే చేరుతుందని 1996లోనే మరో పరిశోధన చూపింది. కాబట్టి చక్కెర ఆ గమ్యాన్ని త్వరగా చేరుస్తుందే తప్ప, మామూలు మోతాదు వాడేవారికి భోజనంతో తీసుకుంటే చాలు. మధుమేహులకు ఆ పానీయాలు హానికరం కూడా.