ఖో వెనకనుంచే ఎందుకు?

ఒడిశాలో రాయగడ వైపు ఒక బడిలో ఆటల మాస్టారు నాకు ఖో-ఖో నియమావళి ఇచ్చి, ఆరో తరగతి పిల్లలకు ఒక్క పేజీలో రాసిపెట్టమన్నారు. ఆ పిల్లల్లో కొందరు ఇంట్లో తెలుగు, కొందరు ఒడియా, కొందరు కుయీ మాట్లాడతారు. పుస్తకం మైదానం కొలతలతో మొదలవుతుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను: 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు, రెండు స్తంభాల మధ్య 24 మీటర్లు. అర పేజీ కొలతలకే అయిపోయింది, ఆట ఇంకా మొదలు కాలేదు.

ఈ నియమాలు ఒక్క రోజులో పుట్టినవి కావు. 1914లో పుణె డెక్కన్ జింఖానాలో తొలి నియమాలు కూర్చారు. 1924లో బరోడా జింఖానా వాటిని అచ్చు వేసింది. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి ఈ ఆటను ప్రదర్శించింది. మొదటి జాతీయ పోటీలు 1959-60లో మన విజయవాడలో జరిగాయి. అప్పటినుంచీ పుస్తకం లావెక్కుతూనే వచ్చింది. వివాదం వచ్చినచోటల్లా ఒక వాక్యం చేరుతుంది. ఆ వాక్యాలు అంపైరుకు కావాలి. కొత్తగా గళ్లలో కూర్చునే పిల్లకు మాత్రం వాటి వెనక ఉన్న కారణం కావాలి.

అందుకే కొలతలు పక్కనపెట్టి మధ్య గీత దగ్గర మొదలుపెట్టాను. ఎనిమిది మంది గళ్లలో కూర్చుంటారు. ఒకరు ఇటు చూస్తే పక్కవాళ్లు అటు చూస్తారు. తొమ్మిదో మనిషి తరుముతాడు. పరుగెత్తేవాళ్లు కూర్చున్నవాళ్ల మధ్యనుంచి అటూ ఇటూ దూరిపోవచ్చు, తరిమేవాడు మాత్రం మధ్య గీత దాటకూడదు. మరి పరుగెత్తేవాడు అవతలికి జారుకుంటే పట్టేదెలా? అప్పుడే ఖో. తరిమేవాడు తనకు వీపు పెట్టి కూర్చున్నవాడి వీపు తట్టి ఖో అంటాడు. వాడి ముఖం అవతలి వైపుంది కదా, లేచి అటే పరుగెడతాడు. చెప్పినవాడు ఆ గడిలో కూర్చుంటాడు.

ఇక్కడే నాకు పేజీ దొరికింది. గీత దాటకూడదు, ఒకరిటు, ఒకరటు ముఖం పెట్టి కూర్చోవాలి, వెనకనుంచే ఖో చెప్పాలి. పుస్తకంలో ఇవి వేర్వేరు నియమాలు, ఆటలో మూడూ ఒక్కటే. ముందునుంచి తట్టనిస్తే లేచినవాడు తట్టినవాడి వైపే ఉంటాడు, అవతలివాడిని తరిమేవాడే ఉండడు. ఇది అర్థమైన పిల్ల వెనకనుంచే చెప్పాలన్న సంగతి మరిచిపోదు.

తర్వాతది దిక్కు. ఇదే ఎక్కువ పొరపాట్లు తెచ్చేది. మొదటి ప్రతిలో ‘ఒకసారి అటు తిరిగితే వెనక్కి రాకూడదు’ అని రాశాను. ఆ వాక్యం చదివి ఆడిన పిల్లలు స్తంభం దాకా పరుగెత్తి అక్కడే నిలబడిపోయారు. స్తంభం దగ్గర తిరగవచ్చని నేను రాయలేదు మరి. కుదించేటప్పుడు మనం ముందుగా కోసేసేది మినహాయింపునే, కానీ ఇక్కడ ఆట అంతా ఆ మినహాయింపు మీదే నడుస్తుంది. రెండో ప్రతిలో ఇలా మార్చాను: ‘ఒక స్తంభం వైపు తిరిగావా, ఆ స్తంభం దాటేదాకా అటే. ఈలోపు పరుగెత్తేవాడు నీ వెనక్కి పోతే ఖో చెప్పు.’ తప్పు చేస్తే అంపైరు ఈల వేసి, వెళ్తున్న దిక్కుకు ఎదురు దిక్కున పంపుతాడు. ఆ తప్పు వల్ల తగిలినవాడు అవుట్ కాడు.

ఇంకో చిక్కు టీవీనుంచి వచ్చింది. 2022లో అల్టిమేట్ ఖో ఖో ఫైనల్లో ఒడిశా జగర్‌నాట్స్ 46-45తో తెలుగు యోధాస్‌ను ఓడించింది. రాయగడ తెలుగువాళ్లకు రెండూ సొంత జట్లే! ఆ లీగులో జట్టుకు ఏడుగురే, పైగా ‘వజీర్’ అనే ఆటగాడు ఏ దిక్కుకైనా మళ్లవచ్చు. అది చూసిన పిల్లాడు మధ్యలో వెనక్కి తిరిగి, ‘నేను వజీర్‌ని సార్’ అన్నాడు. పేజీలో ఒక వాక్యం అందుకు ఖర్చుపెట్టాను: ‘వజీర్ లీగు ఆటలో ఉంటాడు, మన ఆటలో లేడు.’

పరుగెత్తేవాళ్లకు నాలుగు వరుసలు చాలాయి. ముగ్గురు చొప్పున లోపలికి వస్తారు, చేయి తగిలితే అవుట్, రెండు కాళ్లూ హద్దు దాటినా అవుట్, కూర్చున్నవాళ్లను తాకకూడదు. ఒక్కో విడత తొమ్మిది నిమిషాలు, మరీ చిన్నవాళ్లకు ఏడు. టాసు, స్కోరు పట్టిక, అంపైర్ల విధులు వదిలేశాను. అవి మాస్టారి పుస్తకంలోనే ఉండనీ.

కొలతలు కాగితం వెనకవైపుకు పోయాయి. మైదానం గీసేరోజు మాస్టారు అటు తిప్పి, సున్నం చేత్తో పట్టుకుని గళ్లు గీశారు. పిల్లలు ఆ పక్కనే ఒకరిటు, ఒకరటు ముఖం పెట్టి అప్పటికే కూర్చున్నారు.