దుకాణం చిట్టా నుంచి ధర వ్యాకోచత్వం అంచనా

ధర మారినప్పుడు అమ్మకం ఎంత మారుతుందో చెప్పే కొలతను డిమాండ్ ధర వ్యాకోచత్వం అంటారు. ధర ఒక శాతం పెరిగితే అమ్మకం రెండు శాతం తగ్గే సరుకు వ్యాకోచత్వం -2. పాత అమ్మకాల లెక్కల నుంచి ఈ సంఖ్యను రాబట్టే ప్రయత్నం మూడు శతాబ్దాల కిందట ధాన్యం ధరలతో మొదలైంది. ఇప్పుడు అదే పనిని చిన్న దుకాణదారు సైతం స్ప్రెడ్‌షీట్‌లో చేసుకోగలడు. లెక్క కట్టడం తేలికైంది కానీ, తొలితరం పరిశోధకులకు ఎదురైన చిక్కు అలాగే ఉంది.

తొలి లెక్కలు

ఇంగ్లండ్‌లో పంట తగ్గితే ధాన్యం ధర ఎంత పెరుగుతుందో చూపే పట్టికను 1699లో చార్లెస్ డావెనంట్ ప్రచురించాడు. ఇది గ్రెగరీ కింగ్ లెక్కగా పేరుపడింది. దాని ప్రకారం పంట పదో వంతు తగ్గితే ధర పదిలో మూడు వంతులు పెరుగుతుంది. తిండిగింజల ధర పెరిగినా జనం కొనుగోలును పెద్దగా తగ్గించుకోలేరని దీని సారాంశం. ఈ సంబంధానికి 1838లో ఫ్రెంచి పండితుడు కూర్నో గణితరూపం ఇచ్చాడు. 1890లో వెలువడిన ఆల్ఫ్రెడ్ మార్షల్ గ్రంథంతో వ్యాకోచత్వం అర్థశాస్త్రంలో స్థిరపడింది.

మూర్ గీత, వర్కింగ్ జవాబు

1914లో అమెరికా ఆర్థికవేత్త హెన్రీ మూర్ పోత ఇనుము ధరలనూ పరిమాణాలనూ గణాంక పద్ధతిలో పోల్చి చూశాడు. గీత పైకి వాలింది. ధర పెరిగితే డిమాండ్ కూడా పెరుగుతుందని ఆయన దాన్ని అర్థం చేసుకున్నాడు. నిజానికి వ్యాపారం జోరుగా ఉన్న ఏళ్లలో ఇనుము అవసరమే పెరిగి, ధరనూ అమ్మకాన్నీ కలిపి పైకి లాగింది. ఈ తిరకాసును ఎల్మర్ వర్కింగ్ 1927లో వివరించాడు. కొనేవారి అవసరం నిలకడగా ఉండి, సరఫరా వైపు కారణాల వల్ల ధర కదిలినప్పుడే లెక్కల్లో డిమాండ్ రేఖ బయటపడుతుంది. అవసరమే కదిలితే కనిపించేది మరొకటి. మరుసటి ఏడాది ఫిలిప్ రైట్, సరఫరాను మాత్రమే కదిలించే కారణాన్ని ఆసరాగా తీసుకుని డిమాండ్‌ను విడదీసే పద్ధతి చూపాడు.

స్కానర్, స్ప్రెడ్‌షీట్

1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో ఒక సూపర్‌మార్కెట్ చూయింగ్ గమ్ పొట్లాన్ని బార్‌కోడ్‌తో స్కాన్ చేసింది. అక్కడి నుంచి ఏ వారం, ఏ ధరకు, ఎన్ని అమ్ముడయ్యాయో దుకాణాల దగ్గరే నమోదవుతూ వచ్చింది. ఆ తరహా లెక్కలపై పరిశోధనలు పేరుకున్నాయి. 1988లో జెరార్డ్ టెల్లిస్ అప్పటిదాకా వచ్చిన అంచనాలను క్రోడీకరించి బ్రాండ్ల సగటు వ్యాకోచత్వం -1.76 అని తేల్చాడు. 2005లో బైమోల్ట్ బృందం చేసిన అలాంటి క్రోడీకరణలో సగటు -2.62 వచ్చింది.

ఈలోగా 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విసికాల్క్, 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్ వచ్చాయి. అంతకుముందు గణకుల చేత కట్టించాల్సిన రిగ్రెషన్ లెక్క ఒక్క ఫార్ములాకు దిగివచ్చింది.

చిన్న దుకాణంలో లెక్క

భారతదేశంలో పొట్లం కట్టిన సరుకును దానిపై ముద్రించిన ఎంఆర్‌పీ కన్నా ఎక్కువకు అమ్మకూడదు. కాబట్టి దుకాణదారు తానే ధర నిర్ణయించుకునే సరుకులు ఎక్కువగా విడిగా తూచి ఇచ్చేవే. ఉదాహరణకు ఒక పిండివంటల దుకాణంలో కారప్పూస కిలో 240 రూపాయలు అనుకుందాం. ఎనిమిది వారాలు వారానికి సగటున 50 కిలోలు అమ్ముడైంది. నూనె ధర పెరగడంతో కిలో 260 చేశాక, మామూలు వారాల్లో అది 44 కిలోలకు దిగింది.

శాతాలను ఏ ధర మీద లెక్కించాలన్న పేచీ లేకుండా లాగరిథమ్‌లు వాడతారు. 44ను 50తో భాగించి లాగ్ తీస్తే -0.128, 260ని 240తో భాగించి తీస్తే 0.080. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వ్యాకోచత్వం -1.6.

పండుగ వారం

కొత్త ధర పెట్టిన ఎనిమిది వారాల్లో ఒకటి దీపావళి వారమై, ఆ వారం 90 కిలోలు పోయిందనుకుందాం. దాన్ని కలిపి సగటు తీస్తే 49.75 కిలోలు వస్తుంది, వ్యాకోచత్వం దాదాపు సున్నా అవుతుంది. ధర పెంచినా జనం లెక్కచేయలేదని ఆ అంకె చెబుతుంది. మూర్ ఇనుము లెక్కలో జరిగిందే ఇక్కడా జరిగింది: పండుగ తెచ్చిన అవసరం ధర ఖాతాలో పడింది.

దీనికి విరుగుడు పండుగకు వేరే గడి పెట్టడం. షీట్‌లో వరుసకు ఒక వారం చొప్పున B గడిలో ధర, C గడిలో కిలోలు రాయాలి. D లో `=LN(C2)`, E లో `=LN(B2)`, F లో పండుగ వారమైతే 1, కాకపోతే 0. పదహారు వారాలకు ఫార్ములా ఇది:

```
=LINEST(D2:D17,E2:F17,TRUE,TRUE)
```

ఇది గుణకాలను కుడి నుంచి ఎడమకు తిరగేసి ఇస్తుంది. మొదట వచ్చేది పండుగ ప్రభావం, రెండో గడిలో ఉండేదే ధర వ్యాకోచత్వం. ఈ తిరగవేత తెలియక తప్పు అంకెను పట్టుకునేవారు ఉంటారు. పై ఉదాహరణలో రెండో గడి తిరిగి -1.6కు దగ్గరగా వస్తుంది.

అంచనా ఎంత గట్టిది

ఫలితంలో రెండో వరుస ప్రామాణిక దోషాలను చూపుతుంది. మామూలు వారాల అమ్మకం పది శాతం మేర అటూ ఇటూ ఊగుతుంటే, ఇక్కడ ధర వ్యాకోచత్వపు దోషం సుమారు 0.65 ఉంటుంది. దాన్ని రెట్టించి అటూ ఇటూ కలిపితే అసలు విలువ -0.3కూ -2.9కూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ధర మారింది ఒక్కసారే, అదీ ఇరవై రూపాయలే కావడం ఇంత వెడల్పుకు కారణం.

అయినా ధర పెంపు సరైనదా కాదా అన్నది తేల్చవచ్చు. కిలో తయారీకి 170 రూపాయలు పడితే, పాత ధరకు కిలోకు 70 మిగులుతూ వారానికి లాభం 3,500. కొత్త ధరకు కిలోకు 90 మిగులుతుంది కాబట్టి వారానికి 39 కిలోలు అమ్మినా పాత లాభం తగ్గదు. అమ్మకం అంతకన్నా పడిపోవాలంటే వ్యాకోచత్వం -3.1 దాటాలి. అంచనా పరిధి చివరి అంకె -2.9 కూడా దానికి ఇవతలే ఉంది. 44 కిలోలకు లాభం 3,960. గల్లాపెట్టెలోకి వచ్చే మొత్తం మాత్రం 12,000 నుంచి 11,440కి తగ్గుతుంది. రాబడి ఒక్కటే చూస్తే పెంపు నష్టమనిపిస్తుంది.

పరిమితులు

చిట్టాలో ఉండేది అమ్మకం. డిమాండ్ అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. శనివారం మధ్యాహ్నానికే కారప్పూస నిండుకుంటే, సాయంత్రం వచ్చి తిరిగి వెళ్లినవారు లెక్కలోకి రారు. సరుకు అయిపోయిన వారాలకు గుర్తు పెట్టి పక్కన ఉంచాలి. అసలు అమ్మకమే లేని వారానికి సున్నా రాస్తే `LN` తప్పు చూపుతుంది, దాన్ని దాటడానికి ఆ వరుసను తీసేస్తే ఫలితం ఒక పక్కకు ఒరుగుతుంది.

పక్క దుకాణం కూడా అదే వారం ధర పెంచితే కొనేవారికి వేరే దారి ఉండదు, వ్యాకోచత్వం అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఆ ధరను కూడా మరో గడిలో రాసుకోవడం మంచిది. ఇక 240, 260 మధ్య వచ్చిన అంకెను 320 రూపాయల ధరకు వర్తింపజేయలేం. ఆ ధరకు ఎవరు కొన్నారో, ఎవరు మానేశారో చెప్పే వరుస ఒక్కటీ ఆ షీట్‌లో లేదు.