ఉపమ, ఉత్ప్రేక్ష: ఒకే వస్తువుపై మాదిరి పద్యాలు

నంద్యాల జిల్లా బండి ఆత్మకూరు వాళ్లకు తూర్పున నల్లమల కొండలు కనిపిస్తాయి. ఆ కొండల మీది వానమబ్బును వస్తువుగా తీసుకుని, ఉన్నత పాఠశాల పాఠం కోసం ఇక్కడ రెండు ద్విపదలు కూర్చాం. ద్విపద పాదానికి మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం. మూడో గణం మొదటి అక్షరం యతి స్థానం.

ఉపమ:

నల్లని మేఘమ్ము నల్లమలందు
మెల్లగా నడచెను మేలేనుగట్లు

మేఘం ఉపమేయం, మేలైన ఏనుగు ఉపమానం, మెల్లగా నడవడం సమాన ధర్మం, ‘అట్లు’ ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి ఇది పూర్ణోపమ.

ఉత్ప్రేక్ష:

నల్లని మేఘమ్ము నల్లమలందు
మెల్లగా నడచెడి మేలేనుగేమొ

మారింది ఎంత? ‘నడచెను’ ‘నడచెడి’ అయింది, ‘అట్లు’ పోయి ‘ఏమొ’ వచ్చింది. మొదటి పద్యంలో కవి మేఘాన్ని మేఘంగానే ఉంచి ఏనుగుతో పోల్చాడు. రెండోదానిలో ఆ మేఘమే ఏనుగు కాబోలని ఊహించాడు.

పిల్లలు తడబడేది ‘అన్నట్లు’ దగ్గర. అందులో ‘అట్లు’ వినిపించగానే ఉపమ అని రాసేస్తారు. ‘కొండ మీద ఏనుగు నడుస్తోందా అన్నట్లు మబ్బు కదిలింది’ అనే వాక్యంలో ఉన్నది ఊహే, కనుక అది ఉత్ప్రేక్ష. ‘ఇది మేఘమా, ఏనుగా?’ అని ఎటూ తేల్చకుండా వదిలితే మాత్రం సందేహాలంకారం.