శూన్యజ్ఞాన నిరూపణ
ఒక రహస్యం తనకు తెలుసునన్న సంగతి తప్ప దాని గురించి మరేమీ బయటపెట్టకుండా ఎదుటివారిని నమ్మించే గూఢలిపి శాస్త్ర పద్ధతిని శూన్యజ్ఞాన నిరూపణ అంటారు. 1985లో గోల్డ్‌వాసర్, మికాలి, రాకాఫ్ ప్రతిపాదించిన ఈ భావనను వివరించడానికి 1989లో ఆలీబాబా గుహను ఉదాహరణగా వాడారు. గుహలో రెండుగా చీలిన దారులను లోపల, మంత్రానికే తెరుచుకునే తలుపు కలుపుతుంది. మంత్రం తెలుసునన్న నిరూపకురాలు ఏదో ఒక దారిన లోపలికి వెళ్లాక, అది చూడని పరీక్షకుడు చీలిక వద్దకు వచ్చి, తనకు తోచిన దారి నుంచి బయటికి రమ్మంటాడు. మంత్రం తెలియనివారు ఒకసారి నెగ్గే అవకాశం సగం కాగా, వరుసగా 20 సార్లు నెగ్గే అవకాశం పది లక్షల్లో ఒకటికి లోపే. పరీక్షకుడు దీనిని వీడియో తీసినా మూడో వ్యక్తిని నమ్మించలేడు. ఎందుకంటే మంత్రం తెలియని ఇద్దరు కూడా, తప్పిన ప్రయత్నాలను కత్తిరించి, అచ్చం అలాంటి వీడియోనే తయారుచేయగలరు. రహస్యమేదీ పొక్కలేదనడానికి అసలు ఆధారం ఇదే.