సమన్వయం

వార్తాపత్రికల్లో ‘సమన్వయం’ అన్న మాట పక్కన ‘లోపం’ లేకుండా కనిపించడం అరుదు. నీళ్ల శాఖవాళ్లు, కరెంటు శాఖవాళ్లు ఒకే రోడ్డును రెండుసార్లు తవ్వితే సమన్వయ లోపం. కూటమిలో పార్టీలు అలిగితే సమన్వయ కమిటీ. ఆఫీసు ఫైళ్లలో నలిగిన ఈ మాటకు దాని పాత అర్థం ఇంకా పూర్తిగా చెల్లుతున్న చోటు జ్యోతిషం. జాతక చక్రం వేయడం లెక్క, పంచాంగం ఉంటే చాలు. వేసిన చక్రాన్ని సమన్వయించడం చదువు.

మాటను విప్పితే ‘సమ్’, ‘అను’, ‘అయ’. ‘ఇ’ ధాతువుకు పోవడమని అర్థం, ‘అను’ అంటే వెంట. ఒకదాని వెంట ఒకటి నడిస్తే అన్వయం. వంశానికి కూడా అన్వయమనే పేరుంది, తండ్రి వెంట కొడుకు నడుస్తాడు గనక. తెలుగు బడిలో చదివినవాళ్లకు మాత్రం అన్వయం అనగానే పద్యం గుర్తొస్తుంది. ప్రతిపదార్థం అంతా సరిగ్గా అప్పజెప్పి, తాత్పర్యం అడిగితే నీళ్లు నమిలే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఒక్కో పదానికి అర్థం తెలుసు, ఏ విశేషణం ఎవరిదో, క్రియ ఎక్కడుందో తెలియదు. చక్రం ముందు కూర్చున్న కొత్త జ్యోతిష్కుడి అవస్థ ఇదే. కుజుడు ఏడింట ఉంటే ఏమిటో, శని రెండింట ఉంటే ఏమిటో అతనికి కంఠస్థం. వాక్యం మాత్రం కుదరదు.

పద్యంలో ముందు క్రియను పట్టుకుంటారు, తర్వాత కర్తను, ఆ తర్వాతే విశేషణాలను. చక్రంలోనూ అలాంటి వరస ఉంది. ముందు లగ్నం, లగ్నాధిపతి. తర్వాత చంద్రుడు. తర్వాత గ్రహాలు ఎక్కడ గుమిగూడాయి, ఎవరి చూపు ఎవరి మీద ఉంది. పేరున్న యోగాలు చిట్టచివరికి. మన దగ్గర జరిగేది సాధారణంగా తలకిందులు: ముందు యోగం పేరు లేదా దోషం పేరు, తర్వాత మిగతా చక్రమంతా దానికి సాగిలపడటం.

అందరికీ తెలిసిన ఒక జాతకం చూద్దాం. గాంధీ 1869 అక్టోబరు 2న పోరుబందరులో ఉదయం పూట పుట్టారు. సాధారణంగా తులాలగ్నం వేస్తారు. లగ్నంలో శుక్రుడు, కుజుడు, బుధుడు. ఎదురుగా మేషంలో, అంటే ఏడింట, వక్రించిన గురుడు. పదింట కర్కాటకంలో చంద్రుడు, రాహువు. పన్నెండింట కన్యలో రవి, రెండింట వృశ్చికంలో శని, నాలుగింట కేతువు.

ఒక్కో గ్రహాన్ని విడదీసి చదివితే ఏమవుతుందో ఇక్కడే తెలుస్తుంది. శుక్రుడు స్వక్షేత్రంలో, కేంద్రంలో ఉన్నాడు గనక మాలవ్యయోగం. పంచ మహాపురుష యోగాల్లో ఒకటి. ఫలం చూస్తే సుఖభోగాలు, వాహనాలు, అలంకారాలు. ఈ జాతకుడు 1906లో బ్రహ్మచర్య వ్రతం పట్టాడు, 1921లో మదురైలో కొల్లాయికి దిగాడు. పోనీ, లగ్నంలో కుజుణ్ని తీసుకుంటే కోపిష్ఠి, ఆయుధం పట్టేవాడు అనాలి. అహింస పేరు చెప్పగానే గుర్తొచ్చే మనిషిది ఈ చక్రం. రెండు పదార్థాలూ నిఘంటువు ప్రకారం సరైనవే, పద్యంలో చెల్లలేదంతే.

ఇక్కడ మీమాంసకులు అక్కరకొస్తారు. సమన్వయాన్ని శాస్త్ర పరిభాషగా స్థిరపరచింది వేదాంతం. బ్రహ్మసూత్రాల్లో మొదటి అధ్యాయానికి సమన్వయాధ్యాయమనే పేరుంది. ఒక గ్రంథం అసలు ఏం చెప్పదలచుకుందో తేల్చడానికి మీమాంసకులు, వేదాంతులు చూసే గుర్తులు ఆరు. వాటిలో రెండు చాలు మనకు. ఒకటి అర్థవాదం: పొగడ్తగా అన్న మాట, అక్షరాలా తీసుకోకూడనిది. జాతక గ్రంథాల్లో యోగఫలాలు నాకు ఈ కోవలోనివే అనిపిస్తాయి. మాలవ్య ఫలం శుక్రుడి బలానికి స్తోత్రం, జాతకుడి ఆస్తుల జాబితాగా చదవకూడదు.

రెండోది అభ్యాసం. మనకు ఈ మాట పాఠం చివర ప్రశ్నలకు పరిమితమైంది గానీ, వాళ్లకు అభ్యాసమంటే చెప్పిందే మళ్లీ చెప్పడం. ఏ విషయం పదేపదే వస్తుందో తాత్పర్యం అక్కడుంటుంది. అయితే చెప్పిందే చెప్పడానికి మరో పేరు కూడా ఉంది, పునరుక్తి. అది దోషం. జాతక సమన్వయంలో మెలకువంతా ఈ రెంటినీ వేరు చేయడంలోనే ఉంది.

గాంధీ చక్రంలో లగ్నాధిపతి లగ్నంలో ఉన్నాడు, శుక్రుడు స్వక్షేత్రంలో ఉన్నాడు, మాలవ్యయోగం పట్టింది అని మూడు వేళ్లు మడిస్తే మూడు సాక్ష్యాలు కావు. తులలో శుక్రుడున్నాడన్న ఒక్క సంగతికే మూడు పేర్లు. ఇది పునరుక్తి. ఇప్పుడు వేరే చోట్ల నుంచి వచ్చేవి చూడండి. తులాలగ్నానికి ఏడో ఇంటి అధిపతి కుజుడు, లగ్నంలో కూర్చున్నాడు. ఏడింట ఉన్న గురుడు లగ్నంలోని ముగ్గురినీ పూర్ణదృష్టితో చూస్తున్నాడు, కుజుడు తిరిగి గురుణ్ని చూస్తున్నాడు. నాలుగు గ్రహాలు ఒకటి, ఏడు ఇళ్ల మధ్యే మోహరించాయి. తాను, ఎదుటివాడు: ఈ చక్రంలో క్రియ ఇదే. ఏడో ఇంటిని కళత్రస్థానంగానే చూసే అలవాటు వల్ల కుజదోషం దగ్గర ఆగిపోతాం గానీ, భాగస్వామి, ప్రత్యర్థి కూడా అక్కడివాళ్లే.

తర్వాతి వరసలో పదో ఇల్లు. దాని అధిపతి చంద్రుడు అక్కడే ఉన్నాడు, చంద్రుడికి పదింట మళ్లీ గురుడు. లగ్నం నుంచి లెక్కించినా, చంద్రుడి నుంచి లెక్కించినా కర్మస్థానం ఖాళీగా లేదు. పైగా సాక్షులు ఇద్దరు వేరువేరు గ్రహాలు గనక ఇది నికరమైన అభ్యాసం. మూడో వరసలో వ్యయం. లాభాధిపతి రవి వ్యయంలో పడ్డాడు, వ్యయాధిపతి బుధుడు లగ్నానికొచ్చాడు. వచ్చింది ఖర్చవుతుంది, ఖర్చు తన ఒంటి మీదే మొదలవుతుంది అని చదవొచ్చు. ఈ మూడూ వరసలో పెట్టాక మాలవ్యానికి చోటు దొరుకుతుంది: శుక్రుడి బలం భోగానికి పోకుండా, కుజుడి పక్కన, గురుడి చూపు కింద, మనుషులను ఆకట్టుకునే శక్తిగా.

ఇంత చక్కగా కుదిరిందంటే అనుమానించాలి కూడా. కథ తెలిసి చదివాను గనక ఏ విశేషణం ఎవరికి తగిలించాలో నాకు ముందే తెలుసు. అన్వయం కుదరనప్పుడు లేని పదాన్ని తెచ్చుకుని చేర్చడాన్ని అధ్యాహారం అంటారు. పేరున్నవాళ్ల జాతకాల్లో మనం చేసేది చాలావరకు అదే.

దీనికి ఒక పరీక్ష ఉంది. గాంధీ జన్మ సమయం మీద తగవులున్నాయి. గడియారాన్ని కొంత వెనక్కి తిప్పితే లగ్నం కన్యలోకి జారుతుంది. అప్పుడు తులలోని ముగ్గురూ రెండో ఇంట పడతారు, గురుడు ఎనిమిదింట, చంద్రుడు పదకొండింట. లగ్నం నుంచి పట్టిన మాలవ్యం పోతుంది, వ్యయం గురించి చెప్పిందంతా చెరిగిపోతుంది. ముగ్గురికి ఎదురుగా గురుడు నిలవడం, చంద్రుడికి పదింట గురుడు ఉండటం మాత్రం చెక్కుచెదరవు. ఎవరి జాతకమైనా ముందు అలా మిగిలేవి చెప్పాలి. లగ్నం మీదే ఆనుకున్నవి, పుట్టిన వేళ ఎవరు రాశారో, ఏ గడియారం చూసి రాశారో అడిగాక చెప్పొచ్చు.