ప్రకటన ఎప్పుడు ఆపాలి? 2003-04 ‘ఇండియా షైనింగ్’ ప్రచారం ఒక పరిశీలన

ఒక ప్రచారం విఫలమయ్యాక కారణాలు చెప్పడం సులభం. అది నడుస్తున్నప్పుడే కనిపించిన హెచ్చరికలేవి, తరువాత తెలిసిన విషయాలేవి అని విడదీయడమే చరిత్ర విద్యార్థి పని. ఈ భాగంలో ఆ పనిని ‘ఇండియా షైనింగ్’ ఉదాహరణతో చేద్దాం.

నేపథ్యం

2003 చివరలో వాజపేయి ప్రభుత్వ ఆర్థిక మంత్రిత్వ శాఖ ఈ ప్రచారాన్ని చేపట్టింది. గ్రే వరల్డ్‌వైడ్ అనే ప్రకటనల సంస్థ దానిని రూపొందించింది. దేశ ఆర్థిక ప్రగతిపై, ముఖ్యంగా పెట్టుబడిదారులలో, నమ్మకం పెంచడం తొలి ఉద్దేశం. అందుకు ఆధారం లేకపోలేదు. 2003-04లో వృద్ధి రేటు సుమారు 8 శాతానికి చేరింది. 2004 ఫిబ్రవరిలో లోక్‌సభ గడువుకు ముందే రద్దయింది. ఆపై అదే భావన ‘ఫీల్ గుడ్’ అన్న మాటతో కలిసి ఎన్నికల నినాదంగా మారింది.

మొదటి హెచ్చరిక: వినేవారు మారినా మాట మారలేదు

పెట్టుబడిదారుడు రేపటి లాభాన్ని చూస్తాడు. ఓటరు నిన్నటి అనుభవాన్ని చూస్తాడు. 2002లో నైరుతి రుతుపవనాల వర్షపాతం సాధారణం కంటే 19 శాతం తగ్గి, పంటలు దెబ్బతిన్నాయి. మరుసటి ఏడాది వృద్ధి అంత ఎక్కువగా కనిపించడానికి, అంతకుముందు ఏడాది అంత తక్కువగా ఉండటం కూడా ఒక కారణం. అంకె నిజమే. కానీ కరవు ఏడాది చేసిన అప్పు తీరని రైతుకు ‘వెలిగిపోతోంది’ అన్న మాట తన గురించి అనిపించదు. ఈ తేడాను ఆనాడే గుర్తించవచ్చు. వర్షపాత లెక్కలు, పంట లెక్కలు అప్పటికే ప్రభుత్వం దగ్గరున్నాయి.

రెండవ హెచ్చరిక: నినాదమే ప్రత్యర్థికి ప్రశ్నగా మారింది

కాంగ్రెస్ కొత్త వాదన వెతుక్కోనవసరం లేకపోయింది. ‘సామాన్యుడికి ఏం దక్కింది?’ అని అడిగితే సరిపోయింది. ప్రకటన ఎంత ఎక్కువగా కనిపిస్తే ఆ ప్రశ్న అంత ఎక్కువగా గుర్తుకొచ్చేది. మన రాష్ట్రంలో ఈ ధోరణి ముందే కనిపించింది. 2003 వేసవిలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా పాదయాత్ర చేశారు. దారి పొడవునా విన్నవి కరెంటు బిల్లులు, ఎండిన బోర్లు, అప్పులు. పంటలకు ఉచిత విద్యుత్ హామీ ఆ వాతావరణంలోనే బలం పుంజుకుంది.

మూడవ హెచ్చరిక: గెలుపును తప్పుగా చదవడం

2003 డిసెంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లలో భాజపా గెలిచింది. దేశమంతా సంతృప్తిగా ఉందనడానికి దీనిని రుజువుగా తీసుకున్నారు. కానీ మధ్యప్రదేశ్‌లో ఓడింది అధికారంలో ఉన్న కాంగ్రెస్. అక్కడి చర్చ కరెంటు, రోడ్లు, నీళ్ల చుట్టూ సాగింది. అంటే ఆ తీర్పు సంతృప్తికి గుర్తు కాదు. సౌకర్యాలు అందని ఓటరు అధికారంలో ఉన్నవారిని దించాడు. అదే కోపం కేంద్రం వైపు తిరగవచ్చని ఆ ఫలితమే చెబుతోంది.

జరిగినది

ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఈ ప్రకటనలను ఎన్నికలు ముగిసేదాకా నిలిపివేయమని ఎన్నికల సంఘం ఆదేశించింది. అంటే ప్రచారం ఆగింది బయటి ఆజ్ఞతో, సొంత సమీక్షతో కాదు. పార్టీ ప్రచారంలో ఆ భావన కొనసాగింది. ఏప్రిల్, మే నెలల్లో జరిగిన ఎన్నికల్లో భాజపాకు 138 స్థానాలు, కాంగ్రెస్‌కు 145 వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 1999లో 180 స్థానాలు గెలిచిన తెలుగుదేశం 47కు పడిపోయింది.

ఒక జాగ్రత్త

ఓటమికి ప్రకటనే కారణమని రాయకండి. తమిళనాడులో డీఎంకే ఎన్డీఏను వీడి కాంగ్రెస్‌తో కలవడం, మన దగ్గర తెరాస, వామపక్షాలు కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకోవడం సీట్ల లెక్కను బాగా మార్చాయి. అలాగే ఆంధ్రప్రదేశ్‌లో 82 శాతం రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని జాతీయ నమూనా సర్వే తేల్చింది. సర్వే 2003లో జరిగినా నివేదిక 2005లో వెలువడింది. దానిని 2004 నాటి వారు చూడవలసిన హెచ్చరికగా లెక్కించడం న్యాయం కాదు. పై మూడింటిని లెక్కించవచ్చు. లోక్‌సభ రద్దయ్యేనాటికి వాటి ఆధారాలు అందరి కళ్లముందే ఉన్నాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీరు 2004 ఫిబ్రవరిలో ఆ ప్రచార బాధ్యతలో ఉన్నారనుకోండి. నినాదాన్ని పూర్తిగా ఆపుతారా, లేక గ్రామీణ ప్రాంతాలకు వేరే సందేశం ఇస్తారా? ఆ నాటికి తెలిసిన ఆధారాలను మాత్రమే వాడి పది వాక్యాలలో రాయండి.