40 నిమిషాల పీరియడ్‌కు ఒకే లక్ష్యం: కొలవగలిగేలా రాయడం ఎలా?

ప్రాథమిక తరగతుల పాఠ్యపథకాల్లో ‘విద్యార్థులు తీసివేతను అర్థం చేసుకుంటారు’ వంటి వాక్యం తరచుగా కనిపిస్తుంది. అర్థమైందో లేదో పీరియడ్ ముగిసేసరికి తేల్చే మార్గం ఆ వాక్యంలో లేదు. కొలవదగిన లక్ష్యంలో మూడు అంశాలుండాలని అమెరికా విద్యావేత్త రాబర్ట్ మేగర్ 1962లో ప్రతిపాదించారు. విద్యార్థి చేసి చూపే పని, ఏ పరిస్థితుల్లో చేయాలి, ఎంత మేరకు సరిగా చేస్తే చాలు అన్నవే ఆ మూడు.

ఎన్‌సీఈఆర్‌టీ 2017లో వెలువరించిన అభ్యసన ఫలితాల ప్రకారం రెండో తరగతి విద్యార్థి రెండంకెల సంఖ్యల కూడికలు, తీసివేతలతో నిత్యజీవిత సమస్యలు సాధించాలి. అది ఏడాది గమ్యం. దాని నుంచి ఒక పీరియడ్‌కు సరిపడే భాగాన్ని వేరు చేయాలి. ఉదాహరణకు: ‘పుల్లల సాయం లేకుండా, పదుల నుంచి అప్పు తెచ్చుకోవలసిన ఐదు రెండంకెల తీసివేతల్లో కనీసం నాలుగింటిని పలకపై సరిగా చేస్తారు.’

లక్ష్యం తర్వాత రాయవలసింది చివరి పరీక్షే, కృత్యాలు కాదు. ఇక్కడ లెక్కల ఎంపిక కీలకం. 52–27కు సరైన జవాబు 25. పిల్లలు 7 నుంచి 2 తీసివేసినా 35 వస్తుంది. అప్పు తెచ్చుకుని పదుల స్థానంలో ఒకటి తగ్గించడం మరచినా 35 వస్తుంది. పొరపాటు ఏదో ఉపాధ్యాయునికి తెలియదు. అదే 53–27 ఇస్తే సరైన జవాబు 26; మొదటి పొరపాటుకు 34, రెండోదానికి 36 వస్తాయి. పలక చూడగానే కారణం తెలుస్తుంది.

ఇక పరీక్ష నుంచి వెనక్కి వస్తూ సమయాన్ని పంచాలి. మొదటి 5 నిమిషాలు పది పుల్లల కట్టను విప్పి ఒకట్లలో కలపడం. తర్వాతి 10 నిమిషాలు అదే పనిని నల్లబల్లపై అంకెల్లో చూపడం. 12 నిమిషాలు జంటల్లో పుల్లలతో చేస్తూ పలకపై రాయడం. 8 నిమిషాలు పుల్లలు పక్కనపెట్టి ఒంటరి సాధన. చివరి 5 నిమిషాలు ఐదు లెక్కల పరీక్ష. లక్ష్యంలో ‘పుల్లల సాయం లేకుండా’ అని ఉంది కాబట్టి ఒంటరి సాధనను వదిలేయకూడదు. అది లేకపోతే పిల్లలు అలవాటు పడని పరిస్థితిలో పరీక్ష ఎదుర్కొంటారు.

ప్రతి కృత్యాన్నీ ఒకే ప్రశ్నతో సరిచూడవచ్చు: దీన్ని తొలగిస్తే చివరి పరీక్షలో ఏ మెట్టు తడబడుతుంది? జవాబుల ప్రకారం బొమ్మకు రంగులు వేయించే కృత్యం సరదాగా ఉన్నా, సమయంలో అధికభాగం రంగులకే పోతుంది. మామిడిపండ్ల కథ రూపంలో లెక్క ఇస్తే, తప్పు తీసివేతలో జరిగిందో చదవడంలో జరిగిందో తెలియదు. రాత లెక్కలు మరో పీరియడ్ లక్ష్యం కావాలి.

ఒక రోజు ఐదింట నాలుగు సరిగా చేసినంత మాత్రాన నైపుణ్యం నిలిచినట్లు కాదు. కొద్ది రోజుల తర్వాత అలాంటివే రెండు లెక్కలు మళ్లీ ఇవ్వాలి. పరీక్షలో 34 రాసిన పిల్లలకు మర్నాడు మళ్లీ పుల్లల కట్టలు, 36 రాసినవారికి పదుల అంకెను కొట్టివేసి తగ్గించి రాసే సాధన అవసరమవుతాయి.